దారి తోచనప్పుడు ఏం చేయాలి: పజిళ్ళ క్లబ్బు కొత్త సభ్యులకు స్వాగత ప్రసంగం

ప్రశ్న: మా పజిళ్ళ క్లబ్బుకు ఈ ఏడాది నన్ను అధ్యక్షుడిని చేశారు. వచ్చే ఆదివారం కొత్తగా చేరినవాళ్ళకు స్వాగతం చెబుతూ మాట్లాడాలి. ఒక పజిల్ దగ్గర పూర్తిగా ఆగిపోయినప్పుడు ఏం చేయాలో చెప్పమని వాళ్ళే ముందుగా అడిగారు. “ఓపిక పట్టండి” అనడం తప్ప నాకేమీ తోచడం లేదు. మీరైతే ఏం మాట్లాడతారు?

సమాధానం:

మా క్లబ్బులో ఏటా ఈ ప్రసంగం నా వంతుకే వస్తుంది. దాదాపు నేను మాట్లాడినట్టే కింద రాస్తున్నాను. మాట్లాడేటప్పుడు బల్ల మీద పన్నెండు రూపాయి బిళ్ళలు పెట్టుకుంటాను. ప్రతి బిళ్ళ మీదా చిన్న కాగితం ముక్క అంటించి 1 నుంచి 12 దాకా అంకెలు వేస్తాను. త్రాసు దొరికితే మంచిదే, దొరకకపోతే రెండు పళ్ళాలు చాలు. మీరు కూడా అలాగే చేయండి, ఎందుకంటే వింటున్నవారికి చేతులతో కదిపి చూపించనిదే ఈ విషయం అందదు.

మిత్రులారా, మా క్లబ్బుకు స్వాగతం. ఈ గదిలో పాతికేళ్ళుగా పజిళ్ళు విప్పుతున్నవారు ఉన్నారు, నిన్ననే మొదటి సుడోకు పూర్తి చేసినవారూ ఉన్నారు. పాతవారు చిక్కుపడరని మీరు అనుకుంటే అది పొరపాటు. మీరు ఎంత తరచుగా ఆగిపోతారో వారూ అంత తరచుగానే ఆగిపోతారు, కాకపోతే ఆగిపోయిన తరువాత మొదటి పది నిమిషాలలో వారు చేసే పని వేరు. మీరు జవాబు కోసం ఇంకా గట్టిగా వెతుకుతారు. వారు జవాబును పక్కనపెట్టి, తాము ఎక్కడ ఆగారో ఆ చోటును వెతుకుతారు. ఈ తేడాను మాటల్లో చెప్పడం కన్నా ఒక పజిల్ మీద చూపించడం మేలు.

బల్ల మీద పన్నెండు నాణేలు ఉన్నాయి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ వాటిలో ఒకటి దొంగది. దాని బరువు మిగిలినవాటి బరువుకు తేడాగా ఉంటుంది. రాళ్ళు లేని త్రాసు ఒకటి ఇస్తారు. దానిని మూడుసార్లు మాత్రమే వాడి, దొంగ నాణెం ఏదో, అది బరువైనదో తేలికైనదో చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో ఈ పజిల్ చాలామందిని పట్టి పీడించింది. నాణేలు ఎన్ని ఉంటే ఎన్ని తూకాలు కావాలన్నదాని మీద తరువాతి కాలంలో పేరుపొందిన భౌతికశాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ 1946లో ఒక గణిత పత్రికలో చిన్న వ్యాసం కూడా రాశారు. కాలేజీ రోజుల్లో నన్ను ఇది నాలుగు రోజులు కదలనివ్వలేదు కాబట్టి దీనిపై నాకు కొంచెం పాత కక్ష కూడా ఉంది.

దీనిని మొదటిసారి చూసిన వ్యక్తి సాధారణంగా ఆరు నాణేలు ఒక పళ్ళెంలో, ఆరు మరో పళ్ళెంలో పెడతాడు. ఏదో ఒక పళ్ళెం తప్పక కిందికి దిగుతుంది కనుక సగం నాణేలు ఒక్క తూకంతోనే తేలిపోయాయని సంతోషిస్తాడు. దిగిన పళ్ళెంలోని ఆరింటిని మూడు మూడు చేసి తూస్తాడు, దిగిన మూడింటిలో రెండింటిని తూస్తాడు, జవాబు వచ్చేస్తుంది. మూడు తూకాలతో పని పూర్తయినట్టు కనిపిస్తుంది, పక్కనున్నవారు అడిగేదాకా తప్పు తెలియదు. దొంగ నాణెం తేలికైనదైతే అది పైకి లేచిన పళ్ళెంలో ఉంటుంది కదా? అతను కిందికి దిగిన పళ్ళెంలోనే దొంగ ఉందని తనకు తానే నిర్ణయించుకున్నాడు. ఆ మాట పజిల్‌లో లేదు.

కనుక ఆగిపోయినప్పుడు మొదట చేయవలసినది, ప్రశ్నను మళ్ళీ చదవడం. కళ్ళతో కాదు, పెన్నుతో. ప్రశ్నలో నిజంగా చెప్పినవి ఒక కాగితం మీద ఎడమవైపు రాయండి: పన్నెండు నాణేలు, ఒకటి తేడా, మూడు తూకాలు, ఏదో చెప్పాలి, బరువో తేలికో కూడా చెప్పాలి. ఇప్పటిదాకా మీరు ఏ లెక్కన నడిచారో కుడివైపు రాయండి: దొంగది బరువైనది, ప్రతిసారీ సగానికి సగం విడదీయాలి, పక్కన పెట్టినదానితో ఇక పని లేదు, ఒకసారి ఎడమ పళ్ళెంలో ఉన్న నాణెం ఎప్పుడూ ఎడమవైపే ఉండాలి. కుడివైపు రాసిన వాటిలో ఏదైనా ఎడమవైపు కనిపించకపోతే అది మీరు తెచ్చిపెట్టుకున్న నియమం. నా అనుభవంలో ఈ కుడివైపు జాబితాను నిజాయితీగా రాయడమే కష్టం, ఎందుకంటే మనం పెట్టుకున్న నియమాలు మనకు నియమాల్లా కనిపించవు, లోకరీతిలా కనిపిస్తాయి. ఇందాక చదివిన నాలుగు నియమాలూ నావే, నాలుగు రోజులూ వాటితోనే గడిచాయి.

తప్పు ఊహ తొలగినంత మాత్రాన పజిల్ విడిపోదు, అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. ఇప్పుడు మళ్ళీ ఆరు ఆరు పెట్టి చూద్దాం. ఎడమ పళ్ళెం దిగింది. ఎడమవైపు ఆరింటిలో ఒకటి బరువైనది కావచ్చు, లేదా కుడివైపు ఆరింటిలో ఒకటి తేలికైనది కావచ్చు. ఇంకా రెండు తూకాలు మిగిలి ఉన్నాయి. చాలామంది ఈ చోట గంటల తరబడి కూర్చుంటారు. నాణేలను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారుస్తూ, ఇంకొక తెలివైన అమరిక దొరుకుతుందని నమ్ముతూ ఉంటారు. అలాంటి అమరిక లేదని రెండు నిమిషాలలో తెలుసుకోవచ్చు. దానికి కావలసినది లెక్కించడం ఒక్కటే.

ఒక తూకానికి మూడే ఫలితాలు: ఎడమ దిగడం, కుడి దిగడం, రెండూ సమానంగా నిలవడం. రెండు తూకాలకు మూడు మూళ్ళు తొమ్మిది ఫలితాలు, మూడు తూకాలకు ఇరవై ఏడు. ఒక్కొక్క ఫలితం మనకు ఒక్కొక్క జవాబును మాత్రమే చూపగలదు. కనుక రెండు తూకాలు మిగిలి ఉన్నప్పుడు మన ముందు తొమ్మిదికి మించిన అనుమానాలు ఉండకూడదు, ఒక్క తూకమే మిగిలినప్పుడు మూడుకు మించి ఉండకూడదు. పన్నెండు నాణేలలో ప్రతిదీ బరువైనదైనా కావచ్చు, తేలికైనదైనా కావచ్చు కనుక మొదట ఇరవై నాలుగు అనుమానాలు ఉన్నాయి. ఇరవై ఏడు కన్నా అది తక్కువే కనుక ఆశ ఉంది. ఆరు ఆరు పెడితే ఒక పళ్ళెం దిగిన తరువాత పన్నెండు అనుమానాలు మిగులుతాయి. పన్నెండు తొమ్మిది కన్నా ఎక్కువ. అంటే ఆ దారిలో ఎంత తెలివి చూపినా ప్రయోజనం లేదు, అక్కడ కూర్చున్న ప్రతి నిమిషమూ వృథా.

ఇదే లెక్కతో మిగిలిన మొదటి తూకాలను కూడా పరీక్షిద్దాం. అయిదు అయిదు పెడితే, దిగినప్పుడు అయిదు బరువు అనుమానాలు, అయిదు తేలిక అనుమానాలు, మొత్తం పది. ఒక్కటే ఎక్కువ, అయినా ఎక్కువే. మూడు మూడు పెడితే, దిగినప్పుడు ఆరే మిగిలి బాగానే ఉంటుంది కానీ, సమానంగా నిలిస్తే బయట ఉన్న ఆరు నాణేలకు పన్నెండు అనుమానాలు మిగులుతాయి. రెండు రెండు, ఒకటి ఒకటి పెడితే ఇంకా ఎక్కువ. రెండు పళ్ళాలలో వేర్వేరు సంఖ్యలో నాణేలు పెట్టడంలో అర్థం లేదు, ఎక్కువ ఉన్నవైపే దిగుతుంది. మిగిలినది నాలుగు నాలుగు ఒక్కటే: దిగితే ఎనిమిది, సమానంగా నిలిస్తే బయటి నాలుగింటికి ఎనిమిది. రెండూ తొమ్మిది లోపే. చూశారా, మనం ఇంకా పజిల్ విప్పలేదు, ఒక్క తెలివైన ఆలోచనా చేయలేదు. అయినా మొదటి తూకం ఏమిటో తెలిసిపోయింది, ఎందుకంటే మిగిలిన దారులన్నీ మూసుకుపోయాయి.

ఇప్పుడు మొదటి తూకంలో 1, 2, 3, 4 ఎడమవైపు, 5, 6, 7, 8 కుడివైపు పెట్టాం, ఎడమ దిగింది అనుకుందాం. 1 నుంచి 4 దాకా ఉన్నవి బరువు అనుమానితులు, 5 నుంచి 8 దాకా ఉన్నవి తేలిక అనుమానితులు. 9 నుంచి 12 దాకా ఉన్నవి మంచి నాణేలని తెలిసిపోయింది. మనం మళ్ళీ ఆగిపోయే రెండో చోటు ఇదే. దాదాపు అందరూ 1, 2 లను 3, 4 లతో తూస్తారు. ఏదో ఒకవైపు దిగితే బరువైనది ఆ ఇద్దరిలో ఒకటి, ఇంకొక తూకంతో తేలిపోతుంది. సమానంగా నిలిస్తే మాత్రం 5, 6, 7, 8 అనే నాలుగు తేలిక అనుమానితులు, ఒకే ఒక తూకం మిగులుతాయి. నాలుగు మూడు కన్నా ఎక్కువ. ఇక్కడికి వచ్చినవారు “ఇంకొక్క తూకం ఉంటే అయిపోయేది” అని నిట్టూర్చి కాగితం మడిచేస్తారు.

కానీ ఈ ఓటమిని దగ్గరగా చూడండి. అనుమానాలు ఎనిమిది ఉంటే, వాటిని మూడు ఫలితాలకు పంచినప్పుడు మనకు రెండు, రెండు, నాలుగు వచ్చాయి. రెండుచోట్ల ఖాళీ ఉంది, ఒకచోట కిక్కిరిసింది. బస్సులో వెనక సీట్లు ఖాళీగా ఉండి మెట్ల దగ్గర జనం వేలాడుతున్నట్టు ఉంది. అయితే చేయవలసినది కొత్త ఆలోచన కోసం పైకప్పు వంక చూడటం కాదు, కిక్కిరిసినచోటు నుంచి ఇద్దరిని ఖాళీ ఉన్నచోటికి పంపడం. కిక్కిరిసినవారు త్రాసు మీద లేనివారు, అంటే 5, 6, 7, 8. వారిలో 5ను ఎడమ పళ్ళెంలోకి, 6ను కుడి పళ్ళెంలోకి ఎక్కిద్దాం. ఇప్పుడు ఎడమవైపు 1, 2, 5. కుడివైపు 3, 4, 6.

ఎడమ దిగితే, 1 బరువైనది కావచ్చు, 2 బరువైనది కావచ్చు, లేదా కుడివైపున్న 6 తేలికైనది కావచ్చు. మూడే అనుమానాలు. 1ని 2తో తూస్తే, దిగినది దొంగ, సమానంగా నిలిస్తే 6 తేలికైన దొంగ. కుడి దిగితే, ఇదే విధంగా 3, 4 బరువు అనుమానితులు, 5 తేలిక అనుమానితుడు. 3ను 4తో తూస్తే తేలిపోతుంది. సమానంగా నిలిస్తే 7, 8 లలో ఒకటి తేలికైనది. ఆ రెండింటినీ తూస్తే పైకి లేచినది దొంగ. మూడు, మూడు, రెండు. ఎవరూ మెట్ల మీద వేలాడటం లేదు.

మొదటి తూకం సమానంగా నిలిచిన సందర్భాన్ని త్వరగా చెప్పేస్తాను. 9, 10, 11 లను మంచివని తెలిసిన 1, 2, 3 లతో తూయండి. దిగినా లేచినా ఆ మూడింటిలో ఒకటి ఏ రకం దొంగో తెలుస్తుంది, 9ని 10తో తూస్తే పేరు తెలుస్తుంది. సమానంగా నిలిస్తే దొంగ 12. దానిని ఒక మంచి నాణెంతో తూస్తే బరువో తేలికో తెలుస్తుంది. నాలుగు అనుమానితులలో మూడింటినే త్రాసు మీద పెట్టడానికి మనసొప్పకపోతే, మళ్ళీ అనుమానాలు లెక్కపెట్టండి.

ఈ లెక్కకు ఒక హద్దు ఉందని కూడా చెప్పాలి. అనుమానాలు ఫలితాల కన్నా ఎక్కువైతే దారి లేదని ఖాయంగా చెప్పవచ్చు. తక్కువైతే మాత్రం దారి ఉందని ఖాయం కాదు. పదమూడు నాణేలు తీసుకోండి: అనుమానాలు ఇరవై ఆరు, ఫలితాలు ఇరవై ఏడు. సరిపోయినట్టే ఉంటుంది. కానీ నాలుగు నాలుగు పెడితే, సమానంగా నిలిచినప్పుడు బయట అయిదు నాణేలు, పది అనుమానాలు. అయిదు అయిదు పెడితే, దిగినప్పుడు పది. రెండుచోట్లా తొమ్మిది దాటింది కనుక పదమూడు నాణేలతో ఈ ప్రశ్నకు మూడు తూకాలు చాలవు. అదే ప్రశ్నను “దొంగ ఏదో చెబితే చాలు, బరువో తేలికో అక్కర్లేదు” అని మార్చితే పదమూడింటికీ సాధ్యమే. నేను మొదట ప్రశ్నను పెన్నుతో చదవమన్నది ఇందుకే. ఒక్క చిన్న మాట వల్ల అసాధ్యం సాధ్యమవుతుంది.

ఇంతవరకూ చెప్పినది మన దగ్గర ఉన్నదంతా సరైనదే అయి, ముందుకు దారి తెలియని సందర్భం. ఆగిపోవడానికి ఇంకొక రకం ఉంది: మన దగ్గర ఉన్నదానిలోనే ఒకటి తప్పు. గళ్ళనుడికట్టులో దీనిని బాగా చూడవచ్చు. మొన్న మా పాత సభ్యుల్లో ఒకరు తయారుచేసిన గడిలో అడ్డం ఆధారం ఒకటి ఇలా ఉంది: “భక్తరామదాసు మతిలో ఉన్న బుద్ధిమంతుడు”, మూడు అక్షరాలు. మీలో సగంమంది మనసులో ఇప్పటికే రాముడు వచ్చేసి ఉంటాడు. రామదాసు మతిలో రాముడు కాక ఎవరుంటారు? అక్షరాలు కూడా మూడే. ఆరోజు నేను కూడా పెన్నుతోనే రాశాను.

ఆ అడ్డం మాట మొదటి అక్షరం నుంచే ఒక నిలువు మాట మొదలవుతుంది. దాని ఆధారం “కమ్మని పరిమళం”, నాలుగు అక్షరాలు. ఇంత తేలికైన ఆధారం ఆ గడిలో మరొకటి లేదు. అయినా “రా” తో మొదలయ్యే పరిమళం ఎంత వెతికినా దొరకలేదు. సువాసన అన్న మాట నాకు మొదటి క్షణంలోనే తట్టింది, కానీ అక్షరం కలవదు కనుక తోసేశాను. పావుగంట పూలపేర్లు, అత్తరుపేర్లు, నిఘంటువు, అన్నీ తిరిగాను. ఆధారం తేలికగా ఉండి జవాబు రాకపోతే ఆధారాన్ని కాదు, దాటే అక్షరాన్ని అనుమానించాలన్న సంగతి నాకు తెలియక కాదు. పెన్నుతో రాసినదానిని మనసు రాజముద్రలా చూస్తుంది, అంతే.

చివరికి “రాముడు” మీద పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టి, సువాసనను నిజమనుకుని చూశాను. అప్పుడు అడ్డం మాట “సు” తో మొదలవ్వాలి. ఆధారాన్ని మళ్ళీ చదివితే “రామదాసు మతి” అన్న అక్షరాలలోనే పక్కపక్కన సు, మ, తి కనిపించాయి. సుమతి అంటే మంచి బుద్ధి గలవాడే. “లో ఉన్న” అన్న మాట అర్థాన్ని కాక అక్షరాలను చూడమని చెబుతోంది. రాముడు పరమ బుద్ధిమంతుడే కావచ్చు, కానీ ఆ ఆధారంలో బుద్ధిమంతుడు అన్న మాటకు వేరే పని ఉంది. నేను దానిని వాడకుండానే జవాబు రాశాను. ఆధారంలో ఏ మాటకైనా పని దొరకకపోతే ఆ జవాబును పెన్సిల్‌తోనే ఉంచండి.

ఈ రెండో రకాన్ని గుర్తుపట్టడం ఎలా అని అడుగుతారు. నేను చూసే గుర్తు ఒకటే: దారి తెలియక ఆగినప్పుడు పజిల్ నిశ్శబ్దంగా ఉంటుంది, ఏదీ కదలదు, ఏదీ ఎదురు తిరగదు. తప్పు వల్ల ఆగినప్పుడు ఎక్కడో ఒకచోట ఎదురు తిరుగుతుంది. సుడోకులో ఒక గడికి ఏ అంకే మిగలకపోవడం, ఒకే వరుసలో రెండు గడులూ అయిదునే కోరడం అలాంటివి. అప్పుడు ఆ గడిలోనే దిద్దుబాటు చేయకండి. ఎదురు తిరిగిన చోటు చాలాసార్లు తప్పు జరిగిన చోటు కాదు. తప్పు పది పదిహేను అంకెల వెనక కూడా ఉండవచ్చు. కనుక కారణం చెప్పలేని అంకె దొరికేదాకా వెనక్కి తుడుచుకుంటూ రండి. “ఇది ఇక్కడ ఎందుకు రాశాను?” అన్న ప్రశ్నకు “అప్పుడు అలా అనిపించింది” అన్న జవాబు వచ్చినచోట ఆగండి. మా క్లబ్బులో ఊహించి రాసిన అంకెకు పక్కన చుక్క పెట్టే అలవాటు ఉంది. ఆ చుక్క వల్ల మొత్తం తుడిచే పని తప్పుతుంది.

సుడోకులో నిశ్శబ్దంగా ఆగిపోయినప్పుడు కూడా ఒక మాట. కొత్తవారు ప్రతి గడినీ “నీలో ఏ అంకె వస్తుంది?” అని అడుగుతారు. ఒక అడ్డవరుసలో 2, 5, 7, 8 అన్న నాలుగు అంకెలు రావలసి ఉండి, నాలుగు గడులు ఖాళీగా ఉన్నాయనుకోండి. మొదటి గడిలో 2, 5, 8 లలో ఏదైనా రావచ్చు, రెండో దానిలో 2 లేదా 5, మూడో దానిలో 5, 7, 8 లలో ఏదైనా, నాలుగో దానిలో 2 లేదా 8. గడులను అడిగితే ఏ ఒక్కటీ ఖాయంగా చెప్పదు. ఇప్పుడు అంకెలను అడగండి: “ఏడూ, నువ్వు ఈ వరుసలో ఎక్కడ కూర్చోగలవు?” అది మూడో గడిలో మాత్రమే కూర్చోగలదు. సమాచారం అంతా ముందు నుంచీ మన ఎదుటే ఉంది, అడిగే వైపు మారింది. నాణేల దగ్గర “ఏ అమరిక పనిచేస్తుంది?” అన్న ప్రశ్నను “ఏ అమరికలు పనిచేయలేవు?” అని తిప్పినట్టే ఇదీ.

పజిల్ పక్కన పెట్టి లేచిపోవడం గురించి కూడా అడుగుతారు. కాఫీ తాగి రాగానే, తలస్నానం చేస్తుండగా జవాబు తట్టిందని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ ఈ మందు అన్ని జబ్బులకూ పనిచేయదు. ఒక అర్థం మనసును గట్టిగా పట్టుకున్నప్పుడు, అంటే రామదాసు మతిలో రాముడే కనిపిస్తున్నప్పుడు, విరామం ఆ పట్టును సడలిస్తుంది. సుడోకులో తప్పు అంకె రాసి ఉంటే మీరు కాశీకి వెళ్ళి వచ్చినా అది అక్కడే ఉంటుంది. ఆరు ఆరు తూకం మర్నాటికి సాధ్యం కాదు. లేచే ముందు ఒక చీటీ మీద రెండు వాక్యాలు రాసి పెట్టండి: ఖాయంగా తెలిసినది ఏమిటి, సరిగ్గా ఏది తెలియక ఆగారు. “ఏమీ రావడం లేదు” అని రాస్తే కుదరదు. “రెండో తూకం సమానంగా నిలిస్తే నాలుగు మిగులుతున్నాయి” అని రాయాలి. ఆ వాక్యం రాస్తుండగానే కూర్చున్నచోట పజిల్ విడిపోయిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి, కాఫీ చల్లారిపోయింది.

ఆఖరున, ఇతరుల సహాయం. అడగడం తప్పు కాదు, కానీ ఒక్కసారిగా జవాబు అడిగితే పజిల్ మీ చేతిలోనే చచ్చిపోతుంది. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, మొదట “నేను రాసినదానిలో తప్పు ఉందా?” అని మాత్రమే అడగాలి, ఎదుటివారు అవును కాదు అని మాత్రమే చెప్పాలి. దానితో మీరు ఆగిన రకం తెలుస్తుంది, చాలాసార్లు అదే సరిపోతుంది. అప్పటికీ కదలకపోతే “ఏ మూల చూడమంటారు?” అని అడగండి. ఏ పద్ధతి వాడాలన్నది ఆ తరువాతే. పాత సభ్యులకు నా విన్నపం: కొత్తవారు అడిగిన మెట్టు కన్నా ఒక్క మెట్టు కూడా ఎక్కువ చెప్పకండి. మనకు చెప్పాలనే దురద ఎక్కువ. జవాబు పేజీ తెరవక తప్పకపోతే, మొదటి అడుగు దాకా చదివి మిగిలినది చేత్తో మూసుకోండి. మర్నాడు ఖాళీ కాగితం మీద మొదటి నుంచి మళ్ళీ విప్పండి. నాలుగు నాలుగే ఎందుకు పెట్టాలో పుస్తకం చూడకుండా చెప్పగలిగితే ఆ పజిల్ మీదైనట్టు.

ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. మూడు తూకాలకు పన్నెండు నాణేలు సరిపోయాయి కదా. రెండే తూకాలు ఇస్తే, దొంగ ఏదో, బరువో తేలికో కూడా చెప్పగలిగేలా గరిష్ఠంగా ఎన్ని నాణేలు తీసుకోవచ్చు? నాలుగు తీసుకుంటే అనుమానాలు ఎనిమిది, ఫలితాలు తొమ్మిది. సరిపోయేట్టే ఉంది. మొదటి తూకంలో ఎన్నెన్ని పెడతారో చెప్పండి, నేను మాత్రం అవును కాదు అనే చెబుతాను.

ప్రసంగం ఇక్కడితో ఆపేస్తాను, ఎందుకంటే ఈపాటికి ముందు వరుసలోనివారు నాణేల మీద చేతులు వేసి ఉంటారు. మీకు తెలిసి ఉండటం కోసం జవాబు చెబుతున్నాను, సభలో చెప్పకండి: నాలుగు కుదరవు. ఒకటి ఒకటి పెడితే, సమానంగా నిలిచినప్పుడు నాలుగు అనుమానాలు మిగులుతాయి. రెండు రెండు పెడితే, దిగినప్పుడు నాలుగు మిగులుతాయి. ఒక్క తూకానికి మూడే హద్దు. మూడు నాణేలైతే సరిగ్గా కుదురుతుంది. మా సభలో ఏటా ఎవరో ఒకరు నాలుగింటితో గంటసేపు కుస్తీ పట్టి, చివరికి కుదరదని వాళ్ళంతట వాళ్ళే నిరూపించి లేస్తారు. ప్రసంగం మొత్తం ఇరవై నిమిషాలు పడుతుంది. నాణేల భాగానికి పన్నెండు నిమిషాలు ఉంచుకుని, సమయం చాలకపోతే సుడోకు ముక్క వదిలేయండి, రామదాసు ఆధారాన్ని మాత్రం వదలకండి. దానిని బోర్డు మీద రాసి, ఒక నిమిషం ఎవరినీ మాట్లాడనివ్వకుండా, అందరినీ కాగితం మీద జవాబు రాయమనండి. ఆ తరువాతే “కమ్మని పరిమళం” రాయండి.